ఆలస్యంగా వచ్చిన కంప్రెసర్లు: వెండర్‌కు రాసిన పరిహారం లేఖ, ఒక కేస్ స్టడీ

గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో నాలుగు చాంబర్లున్నాయి. వాటి కోసం యాజమాన్యం కొత్త అమ్మోనియా కంప్రెసర్లకు ఆర్డరు ఇచ్చింది. సరుకు గడువు దాటి వచ్చింది. ఒప్పందంలో ఆలస్యానికి పరిహారం క్లాజు ఉంది, దాని కింద వెండర్‌కు లేఖ రాయాలి. కేసు ఇంతే. అయితే మొదట తయారైన లేఖ రూ. 5,46,000 అడిగింది, చివరికి పంపిన లేఖ రూ. 72,000 అడిగింది. ఆ తేడా ఎలా వచ్చిందో చూస్తే ఇలాంటి లేఖ రాయడంలోని పని దాదాపు అంతా తెలుస్తుంది. పార్టీలను గుర్తుపట్టకుండా వివరాలు, అంకెలు మార్చి ఇక్కడ ఇస్తున్నాం. లెక్క వేసిన పద్ధతి మాత్రం మార్చలేదు.

పీఓలో ఉన్నది

పర్చేజ్ ఆర్డర్ తేదీ 14 అక్టోబరు 2024. రెండు కంప్రెసర్లు, మోటార్లతో కలిపి ఒక్కోటి రూ. 12,00,000. కండెన్సర్ రూ. 13,00,000. కంట్రోల్ ప్యానెల్ రూ. 3,00,000. మొత్తం రూ. 40,00,000, దాని మీద 18 శాతం జీఎస్టీ. అడ్వాన్సు 30 శాతం, సరుకు దిగినప్పుడు 60 శాతం, మిషన్లు నడిపి చూపించాక, అంటే కమిషనింగ్ అయ్యాక, మిగతా 10 శాతం చెల్లించాలి.

డెలివరీ క్లాజులో కేలెండర్ తేదీ లేదు. "అడ్వాన్సు అందిన తేదీ, అప్రూవ్ చేసిన డ్రాయింగ్ అందిన తేదీ, ఈ రెండింటిలో ఏది తర్వాతిదైతే దాని నుంచి 12 వారాలు" అని ఉంది. గడువే ఈ ఒప్పందానికి ప్రాణమని ఇంకో వాక్యం ఉంది. ఆలస్యమైతే వారానికి, లేదా వారంలో కొంత భాగానికి, ఆలస్యమైన సరుకు విలువలో 0.5 శాతం చొప్పున, గరిష్ఠంగా 5 శాతం వరకు లిక్విడేటెడ్ డ్యామేజెస్, అంటే ముందే రాసుకున్న పరిహారం. ఆఫీసుల్లో దీన్ని ఎల్‌డీ అంటారు, ఇక్కడా అదే వాడదాం. ఒప్పందంలో మార్పులేవైనా పీఓ మీద సంతకం చేసిన అధికారి రాతపూర్వకంగా చేస్తేనే చెల్లుతాయని కూడా పీఓలో ఉంది. ఈ ఆఖరి వాక్యాన్ని చాలామంది చదవకుండానే దాటేస్తారు. ఈ కేసులో యాజమాన్యాన్ని ఆదుకున్నది అదే.

గడువు తేదీ తేల్చడం

లేఖలో పరిహారం అంకె కన్నా ముందు తేలాల్సింది గడువు ఎప్పుడు ముగిసిందన్నది. మొదటి డ్రాఫ్టు పీఓ తేదీ నుంచి 12 వారాలు లెక్కించి 6 జనవరి అని రాసింది. అది తప్పు. వెండర్ ఆ ఒక్క తప్పును పట్టుకుని మొత్తం లెక్కే నమ్మదగ్గది కాదనేవాడు.

బ్యాంకు బదిలీ నంబరు యూటీఆర్ ప్రకారం అడ్వాన్సు 21 అక్టోబరున వెళ్లింది. వెండర్ డ్రాయింగ్ 25న ఈమెయిల్‌లో వచ్చింది. సంతకం చేసి 28 అక్టోబరున, అదీ ఈమెయిల్‌లోనే, తిప్పి పంపారు. రెండింటిలో తర్వాతిది 28 అక్టోబరు. అక్కడి నుంచి 84 రోజులు లెక్కిస్తే గడువు 20 జనవరి 2025. డ్రాయింగ్ అప్రూవల్ ఆలస్యం చేసింది కొనుగోలుదారే అనడం ఆలస్యమైన వెండర్లు మొదట ఎత్తే వాదన. డ్రాయింగ్ మూడు రోజుల్లో తిరిగి వెళ్లిందని చూపే ఈమెయిల్ ఉండడంతో ఇక్కడ ఆ వాదనకు చోటు లేకుండా పోయింది. ఫోన్లో "ఓకే" చెప్పి వదిలేసి ఉంటే ఇంత తేలిగ్గా తేలేది కాదు.

ఇక సరుకు దిగిన తేదీలు. ఇవి వెండర్ ఇన్వాయిస్ మీద ఉన్న తేదీలు కావు. ఇన్వాయిస్ తేదీ సరుకు బయల్దేరిన రోజు, సైట్ డెలివరీ ఒప్పందంలో లెక్కకొచ్చేది గేటు దాటి లోపలికొచ్చిన రోజు. గేట్ ఎంట్రీ రిజిస్టర్, లారీ రసీదు అయిన ఎల్‌ఆర్, డెలివరీ చలాన్ మూడూ కలిపి చూస్తే కండెన్సర్ 18 జనవరికే వచ్చింది, దాని మీద పేచీ లేదు. ప్యానెల్ 29 జనవరిన, మొదటి కంప్రెసర్ 17 ఫిబ్రవరిన, రెండోది 12 మార్చిన దిగాయి.

సరుకు దించుకున్నప్పుడు రాసిన ఒక్క వాక్యం

భారత కాంట్రాక్టు చట్టం, 1872లో సెక్షన్ 55 మూడో పేరా ఇలా చెబుతుంది: గడువు ముఖ్యమైన ఒప్పందంలో, గడువు దాటాక కూడా పనిని స్వీకరిస్తే, స్వీకరించే సమయంలోనే పరిహారం అడిగే ఉద్దేశం ఉందని అవతలివాడికి తెలియజేయాలి. తెలియజేయకపోతే ఆ ఆలస్యానికి తర్వాత పరిహారం అడగడం కుదరదు. "గడువే ప్రాణం" అన్న వాక్యం పీఓలో పెట్టుకోవడం మంచిదే, కానీ అది రెండు వైపులా కోసే కత్తి. ఆ వాక్యం ఉంది కాబట్టే ఈ నోటీసు అవసరం కూడా వచ్చిపడుతుంది. ఎల్‌డీ క్లాజు ఉంటే నోటీసు అక్కర్లేదని వాదించొచ్చు. కానీ చలాన్ మీద ఒక్క వాక్యం రాస్తే అయిపోయే పనికి వాదన దాకా వెళ్లడమెందుకు?

ప్యానెల్ దిగినప్పుడు స్టోర్స్ గుమాస్తా చలాన్ మీద "అన్నీ సరిగా అందినవి" అని రాసి సంతకం పెట్టాడు. ఆలస్యం గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు, ఆ వారంలో ఈమెయిల్ కూడా వెళ్లలేదు. మొదటి కంప్రెసర్ వచ్చిన రోజు సాయంత్రమే ఆఫీసు నుంచి ఈమెయిల్ వెళ్లింది. రెండో దానికి చలాన్ మూడు కాపీల మీదా, లారీ డ్రైవర్ తీసుకెళ్లే కాపీతో సహా, ఇలా రాశారు: "గడువు 20-01-2025. 12-03-2025న అందింది. పీఓ ప్రకారం ఆలస్య పరిహారం కోరే హక్కును వదులుకోకుండా స్వీకరిస్తున్నాం." స్టోర్స్‌లో ఒక రబ్బరు స్టాంపు చేయించి పెట్టుకుంటే సరిపోయే పని ఇది.

లెక్క

మొదటి డ్రాఫ్టులో ఎల్‌డీని ఇలా కట్టారు: జీఎస్టీతో కలిపి మొత్తం ఆర్డరు రూ. 47,20,000, దాని మీద 6 జనవరి నుంచి 10 వారాలకు 5 శాతం, రూ. 2,36,000. గడువు తేదీ కాక ఇందులో ఇంకో రెండు తప్పులున్నాయి. క్లాజు "ఆలస్యమైన సరుకు విలువ" అంటోంది, మొత్తం ఆర్డరు విలువ అనడం లేదు. సకాలంలో వచ్చిన కండెన్సర్ మీద ఎల్‌డీ వేయడానికి ఆధారం లేదు. రెండోది, పీఓలో ధరలు పన్ను లేకుండా ఉన్నాయి కాబట్టి విలువంటే పన్ను లేని ధరే. కంప్రెసర్ లేకుండా కండెన్సర్ ఉత్త ఇనుమే కదా అన్న వాదనలో న్యాయం ఉంది. కానీ "కొంత భాగం రానందువల్ల మిగతాది పనికిరాకపోతే మొత్తం విలువపై ఎల్‌డీ" అని ఒప్పందంలో రాసుకుంటేనే అది నిలుస్తుంది. చాలా ప్రభుత్వ టెండర్లలో ఆ వాక్యం ఉంటుంది, ఈ పీఓలో లేదు.

సరైన లెక్క ఇది. మొదటి కంప్రెసర్ 28 రోజులు ఆలస్యం, సరిగ్గా 4 వారాలు, 2 శాతం, రూ. 24,000. రెండోది 51 రోజులు, అంటే 7 వారాల 2 రోజులు. వారంలో భాగాన్నీ వారంగా లెక్కించమని క్లాజు చెబుతోంది కాబట్టి 8 వారాలు, 4 శాతం, రూ. 48,000. రెండూ గరిష్ఠ పరిమితికి లోపలే ఉన్నాయి. ప్యానెల్‌కు 9 రోజులు అంటే 2 వారాలు, రూ. 3,000 అవుతుంది. దాన్ని కావాలనే వదిలేశారు. చలాన్ మీద రాయని దాన్ని లేఖలో అడిగితే, వెండర్ లాయర్ సెక్షన్ 55తో దాన్ని కొట్టి, అదే ఊపులో మిగతా రూ. 72,000 మీదా అనుమానం లేవనెత్తుతాడు. మూడు వేల కోసం ఆ తలుపు తెరవడం దండగ.

మరి అసలు నష్టం?

యాజమాన్యం కోపానికి కారణం ఎల్‌డీ కాదు. గుంటూరు యార్డుకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి పోటెత్తుతుంది. ఒక్క కంప్రెసర్‌తో రెండు చాంబర్లే చల్లబడ్డాయి. ముందే మాటిచ్చిన రైతుల, వ్యాపారుల టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, వేరే కోల్డ్ స్టోరేజీలో పెట్టించాల్సి వచ్చింది. అద్దె, లారీ కిరాయి, హమాలీ కలిపి రూ. 3,10,000 బిల్లులు చేతిలో ఉన్నాయి. మొదటి డ్రాఫ్టు దీన్ని కూడా ఎల్‌డీ మీద కలిపి అడిగింది.

ఇక్కడ సెక్షన్ 74 అడ్డొస్తుంది. ఒప్పందం తప్పితే ఇంత ఇవ్వాలని పార్టీలు ముందే ఒక మొత్తం రాసుకుంటే, ఆ మొత్తానికి మించకుండా సహేతుకమైన పరిహారమే దక్కుతుంది. రాసుకున్న అంకె పైకప్పు లాంటిది, నష్టం ఎంతైనా దాన్ని దాటదు. అసలు నష్టాన్ని పూర్తిగా రాబట్టుకోవాలంటే ఆర్డరు ఇచ్చే ముందే ఎల్‌డీ శాతం పెంచి ఉండాలి, లేదా పీఓలో ఎల్‌డీతో పాటు వేరే హక్కు రాసుకుని ఉండాలి. లేఖలో పెద్ద అంకె వేసినంత మాత్రాన అది రాదు.

అలాగని ఆ బిల్లులు చెత్తబుట్టలో పడేయకూడదు. 2003లో ఓఎన్‌జీసీ, సా పైప్స్ కేసులో సుప్రీంకోర్టు, ముందుగా అంచనా కట్టి రాసుకున్న ఎల్‌డీకి నష్టం విడిగా రుజువు చేయనక్కర్లేదన్న వైపు మొగ్గింది. 2015లో కైలాష్ నాథ్ అసోసియేట్స్, డీడీఏ కేసులో మాత్రం అసలు నష్టమే జరగకపోతే సెక్షన్ 74 కింద పరిహారం లేదని, నష్టాన్ని రుజువు చేయగలిగిన చోట రుజువు చేయాల్సిందేనని చెప్పింది. కాబట్టి రూ. 3,10,000 బిల్లులను అడిగే మొత్తంలో కలపకుండా, నష్టం జరిగిందనడానికి సాక్ష్యంగా జతచేశారు. అడిగింది రూ. 72,000, జరిగిన నష్టం దానికి నాలుగు రెట్లకు పైగా. ఇలా చూపితే ఎల్‌డీ సహేతుకమేనని వాదించాల్సిన పనే ఉండదు.

పంపిన లేఖ

వెండర్ వేరే రాష్ట్రం వాడు కావడంతో లేఖ ఇంగ్లిషులో వెళ్లింది. దాని తెలుగు పాఠం ఇది.

తేదీ: 15-03-2025
విషయం: 14-10-2024 నాటి పీఓ కింద రెండు అమ్మోనియా కంప్రెసర్ల సరఫరాలో ఆలస్యం – ఎల్‌డీ క్లాజు కింద రూ. 72,000 పరిహారం

అయ్యా,

1. పై పీఓ డెలివరీ క్లాజు ప్రకారం అడ్వాన్సు, అప్రూవ్ చేసిన డ్రాయింగ్ రెండూ అందిన తర్వాత 12 వారాల్లో మీరు సరుకును మా సైట్‌లో అందించాలి. అడ్వాన్సు 21-10-2024న చెల్లించాం. అప్రూవ్ చేసిన డ్రాయింగ్ 28-10-2024న ఈమెయిల్ ద్వారా పంపాం. గడువు 20-01-2025తో ముగిసింది.

2. మొదటి కంప్రెసర్ 17-02-2025న, రెండోది 12-03-2025న మా సైట్‌కు చేరాయి. రెండు సందర్భాల్లోనూ పరిహారం కోరే హక్కును వదులుకోకుండా స్వీకరిస్తున్నట్టు అదే రోజు మీకు తెలియజేశాం.

3. ఎల్‌డీ క్లాజు ప్రకారం మొదటి కంప్రెసర్‌కు 4 వారాలకు రూ. 24,000, రెండో దానికి 8 వారాలకు రూ. 48,000, మొత్తం రూ. 72,000 మీరు చెల్లించాలి. లెక్క జతపరిచాం.

4. 03-02-2025న మా పర్చేజ్ విభాగం ఫోన్ సందేశం సరుకు ఎప్పుడు పంపుతారో నిర్ధారించుకోవడానికి పంపినదే. పీఓ సవరణ క్లాజు ప్రకారం అది గడువు పొడిగింపు కాదు. అనివార్య పరిస్థితుల క్లాజు కింద మీ నుంచి ఎలాంటి నోటీసూ రాలేదు.

5. ఈ ఆలస్యం వల్ల సరుకును వేరేచోట నిల్వ చేయించడానికి రూ. 3,10,000 ఖర్చయింది. బిల్లుల నకళ్లు జతపరిచాం.

6. ఈ లేఖ అందిన 15 రోజుల్లో రూ. 72,000 చెల్లించండి, లేదా కమిషనింగ్ తర్వాత మీకు రావాల్సిన 10 శాతం నుంచి అంత మొత్తం మినహాయించుకోవడానికి సమ్మతి తెలపండి. లెక్కపై అభ్యంతరం ఉంటే అదే గడువులో కాగితాలతో సహా రాయండి. జవాబు రాకపోతే పీఓ ప్రకారం మినహాయిస్తాం. మిగతా మొత్తం గడువుకు చెల్లిస్తాం.

7. వారంటీతో సహా పీఓ కింద మా ఇతర హక్కులకు ఈ లేఖ భంగం కలిగించదు.

జతపరిచినవి: పీఓ నకలు, యూటీఆర్, డ్రాయింగ్ ఈమెయిల్, గేట్ ఎంట్రీ, ఎల్‌ఆర్, చలాన్ల నకళ్లు, 17-02-2025 ఈమెయిల్, ఎల్‌డీ లెక్క, నిల్వ ఖర్చు బిల్లులు.

సంతకం చేసింది పర్చేజ్ మేనేజర్ కాదు, పీఓ మీద సంతకం ఉన్న డైరెక్టర్. నోటీసు క్లాజులో వెండర్ రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా ఉంది కాబట్టి అక్కడికి రిజిస్టర్డ్ పోస్టులో, అదే రోజు ఈమెయిల్‌లో పంపారు. రోజూ మాట్లాడే సేల్స్ మేనేజర్‌కు మాత్రమే మెయిల్ పెడితే నోటీసు అందలేదని తర్వాత అనొచ్చు.

లేఖలో "నిర్లక్ష్యం", "మోసం" లాంటి మాటలు లేవని గమనించండి. మొదటి డ్రాఫ్టులో ఉన్నాయి, బ్లాక్‌లిస్ట్ చేస్తామన్న బెదిరింపు కూడా ఉంది. ఎల్‌డీకి నిర్లక్ష్యం రుజువు చేయాల్సిన పని లేదు, తేదీలు చాలు. ఆ మాటలు రాస్తే వెండర్ తేదీలకు జవాబివ్వకుండా మాటలకు జవాబిస్తాడు.

నాలుగో పేరా ఎందుకు పెట్టారంటే

ఫిబ్రవరి 3న వెండర్ మోటార్లు రాలేదని, ఇంకొంచెం టైమ్ కావాలని వాట్సాప్‌లో అడిగాడు. పర్చేజ్ మేనేజర్ జవాబు: "సరే సార్, 28 ఫిబ్రవరి ఫైనల్." సెక్షన్ 63 ప్రకారం గడువు పొడిగించే అధికారం కొనేవాడికి ఉంది. ఆ మాటను పొడిగింపుగా తీసుకుంటే మొదటి కంప్రెసర్ 17 ఫిబ్రవరికే వచ్చింది కాబట్టి ఆలస్యమే లేదు. రెండోది 12 రోజులే ఆలస్యం, 2 వారాలు, 1 శాతం, రూ. 12,000. అంటే ఆ ఒక్క మెసేజ్ ఖరీదు రూ. 60,000.

వెండర్ దీన్ని ఎత్తకముందే లేఖలో ప్రస్తావించాలా, ఎత్తితే అప్పుడు చూసుకోవాలా అన్నది నిజంగా ఆలోచించాల్సిన విషయమే. ఆ మెసేజ్ వెండర్ ఫోన్లో ఉంది, దాచిపెట్టగలిగేది కాదు. దాచినట్టు కనబడితే లేఖ బలం తగ్గుతుంది. అందుకే సవరణ క్లాజుతో కలిపి ముందే పెట్టేశారు. టైమ్ ఇవ్వక తప్పని పరిస్థితిలో రాయాల్సిన వాక్యం ఇది: "28 ఫిబ్రవరిలోగా పంపండి. ఇది ఎల్‌డీ హక్కును వదులుకోవడం కాదు, ఎల్‌డీ 20 జనవరి గడువు నుంచే లెక్కిస్తాం."

డబ్బు పట్టి ఉంచడంలో హద్దు

చెల్లించాల్సిన 10 శాతం రూ. 4,00,000. మొత్తం బిగబట్టి కూర్చుంటే వెండర్ దారికొస్తాడన్నది యాజమాన్యం మొదటి ఆలోచన. వెండర్ ఇన్వాయిస్ మీద ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉంది, చిన్న పరిశ్రమ. సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల కోసం చేసిన ఎంఎస్ఎంఈడీ చట్టం, 2006 ప్రకారం చిన్న పరిశ్రమకు చెల్లింపును, ఒప్పందంలో ఏం రాసుకున్నా, 45 రోజులకు మించి ఆపకూడదు. ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. పైగా సరుకు విషయంలో అభ్యంతరం ఉంటే డెలివరీ అయిన 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలి. 12 మార్చికి దిగిన సరుకుకు 15 మార్చిన లేఖ పంపడానికి తొందర అందుకే. కాబట్టి పట్టి ఉంచాల్సింది రూ. 72,000 మాత్రమే, రూ. 3,28,000 కమిషనింగ్ కాగానే కట్టేయాలి. వెండర్ ఆ చట్టం కింద వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళితే, అక్కడి ఉత్తర్వును కోర్టులో సవాలు చేయడానికే అందులోని మొత్తంలో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి.

ఖాతాల్లో ఎల్‌డీకి జీఎస్టీ లేని డెబిట్ నోటు వేస్తే చాలు. ఒప్పందం తప్పినందుకు ఇచ్చే పరిహారం సరఫరా కిందికి రాదని 3 ఆగస్టు 2022 నాటి 178వ జీఎస్టీ సర్క్యులర్ స్పష్టం చేసింది. మొదటి డ్రాఫ్టు ఎల్‌డీ మీద కూడా 18 శాతం కలపబోయింది.

జవాబు, ముగింపు

గడువులోపే జవాబొచ్చింది. మోటార్లు సరఫరా చేసే కంపెనీ ఆలస్యం అనివార్య పరిస్థితి అని ఒకటి, వాట్సాప్ మెసేజ్ రెండోది. మొదటి దానికి జవాబు సులువు. క్లాజులో వరద, అగ్నిప్రమాదం, ప్రభుత్వ ఉత్తర్వు లాంటివున్నాయి, సబ్ వెండర్ ఆలస్యం లేదు. ఉన్నా, ఏడు రోజుల్లో ఇవ్వాల్సిన నోటీసు ఇవ్వలేదు. రెండోదాని మీద వెండర్ గట్టిగానే నిలబడ్డాడు. మొదటి కంప్రెసర్ మెసేజ్‌లోని తేదీకి ముందే వచ్చింది కాబట్టి ఆ విషయంలో అతని వాదనకు కొంత బలముంది. రెండో కంప్రెసర్ ఆ తేదీనీ దాటింది, అక్కడ అతనికి పట్టు తక్కువ.

రెండో కంప్రెసర్‌కు పూర్తి రూ. 48,000, మొదటి దానికి సగం రూ. 12,000, మొత్తం రూ. 60,000కు రాజీ కుదిరింది. కోర్టు, ఆర్బిట్రేషన్ ఖర్చుతో పోలిస్తే మిగతా రూ. 12,000 వెంట పడడం అర్థం లేని పని. రాజీ కాగితంలో రెండు వాక్యాలు మాత్రం పట్టుబట్టి రాయించారు. ఈ పరిష్కారం డెలివరీ ఆలస్యానికే పరిమితం అన్నది ఒకటి. రెండోది వారంటీ గురించి. పీఓలో వారంటీ డిస్పాచ్ నుంచి 18 నెలలు లేదా కమిషనింగ్ నుంచి 12 నెలలు, ఏది ముందైతే అది. మొదటి కంప్రెసర్ విడిగా ముందే నడిచింది కాబట్టి దాని వారంటీ కూడా ముందే ముగిసిపోతుంది. రెండు కంప్రెసర్ల వారంటీ రెండో కంప్రెసర్ కమిషనింగ్ తేదీ నుంచి 12 నెలలు అని మార్చి, ఈసారి పీఓ మీద సంతకం చేసిన డైరెక్టరే సవరణ మీదా సంతకం పెట్టారు.